బయానా వచ్చింది, బాకీ రాలేదు: ముందస్తు ఆర్డర్ల లెక్క ఎక్కడ తప్పుతుంది

ఆన్‌లైన్‌లో చేనేత చీరలు అమ్మే చిన్న వ్యాపారుల కోసం ఇచ్చిన ప్రసంగం. రాలేనివారి కోసం రికార్డింగ్ విని రాసినది.

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకు వినపడుతోందా? సరే. బోర్డు మీద లెక్క ఒకటి వేస్తాను. పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి, చివరిదాకా ఈ ఒక్క లెక్కతోనే నడుద్దాం.

ఒక పోచంపల్లి పట్టు చీర. ధర పన్నెండు వేలు, దాని మీద 5 శాతం జీఎస్టీ 600. మొత్తం 12,600. శ్రావణ మాసం వస్తోంది, జులైలోనే ముందస్తు ఆర్డర్లు తీసుకున్నారు. నేసేవాళ్లకు పట్టు, రంగు, కూలి ముందే కావాలి కాబట్టి మూడో వంతు బయానా పెట్టారు. అంటే 4,200 ఇప్పుడు, మిగతా 8,400 చీర సిద్ధమయ్యాక. జులైలో నలభై మంది ఆర్డరు పెట్టారు.

ఇప్పుడు చెప్పండి, జులై అమ్మకం ఎంత?

చూశారా, ఇక్కడే మూడు జవాబులు వచ్చాయి. ఒకరు 5,04,000 అన్నారు, నలభై చీరల పూర్తి ధర. ఒకరు 1,68,000 అన్నారు, చేతికొచ్చిన బయానా. అక్కడ ఒకావిడ సున్నా అన్నారు. ఆవిడదే సరైన జవాబండీ. జులైలో ఒక్క చీర కూడా గుమ్మం దాటలేదు. దాటని చీరకు అమ్మకం ఏమిటి?

మరి మిగతా రెండు అంకెలూ తప్పా? తప్పు కాదు, అవి వేరే ప్రశ్నలకు జవాబులు. ఎంత ఆర్డరు వచ్చింది? 5,04,000. ఎంత డబ్బు వచ్చింది? 1,68,000. ఎంత అమ్మాం? సున్నా. మూడు ప్రశ్నలు, మూడు అంకెలు. మగ్గాలకు ఎంత పని చెప్పాలో మొదటి అంకె చెబుతుంది. రేపు పట్టు కొనడానికి చేతిలో ఎంత ఉందో రెండోది చెబుతుంది. లాభం ఎంత, జీఎస్టీ ఎంత అన్నవి మూడోదాని నుంచే తీయాలి. ఈ మూడూ ఒకే గడిలో పడ్డాయంటే ఆ నెల లెక్క పోయినట్టే.

ఆ లక్షా అరవై ఎనిమిది వేలు బ్యాంకులో కనపడుతుంటే మన డబ్బే అనిపిస్తుంది. కాదు. అది మనం కస్టమర్లకు ఉన్న అప్పు. చీరైనా ఇవ్వాలి, డబ్బైనా తిరిగివ్వాలి. ఖాతా పుస్తకంలో అది అప్పుల వైపు కూర్చుంటుంది, కస్టమర్ల అడ్వాన్సులు అన్న పేరుతో. మరి రావాల్సిన 3,36,000 సంగతి? అదీ ఇంకా మన ఆస్తి కాదు. చీర పంపకుండా ఎవరూ మనకు బాకీ పడరు. ఆ కస్టమరు రేపు వద్దంటే అందులో మనం గట్టిగా అడిగి వసూలు చేసుకోగలిగింది ఏమీ లేదు. అంచనాగా రాసుకోండి, రావాల్సిన బాకీల జాబితాలో మాత్రం వేయకండి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక షాపు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూద్దాం. మీలో ఎక్కువ మంది ఊకామర్స్ వాడుతున్నారు కాబట్టి దాని సంగతే చెబుతాను.

బయానా తీసుకునే ప్లగిన్లు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం ఒకే ఆర్డరు ఉంచుతుంది. ఆర్డరు మొత్తం 12,600, కట్టింది ఇంత, కట్టాల్సింది ఇంత అని లోపల రాసుకుంటుంది. రెండో రకం విడగొడుతుంది. బయానాకు ఒక ఆర్డరు 4,200, బాకీకి ఇంకో ఆర్డరు 8,400. మీ దగ్గర ఏది ఉందో ఎలా తెలుస్తుంది? బయానా కట్టిన ఆర్డరు ఒకటి తెరిచి Total దగ్గర ఏ అంకె ఉందో చూడండి. 12,600 ఉంటే మొదటి రకం, 4,200 ఉంటే రెండోది. ఇంటికెళ్లగానే ముందు ఈ పని చేయండి, ఎందుకంటే రెండు రకాల్లోనూ రిపోర్టు తప్పుతుంది, కానీ తప్పే పద్ధతి వేరు.

మొదటి రకంలో ఏమవుతుంది? ఊకామర్స్‌లో Analytics ఉంది కదా, అందులో Settings తెరిస్తే Excluded statuses అని ఒక జాబితా ఉంటుంది. ఏ స్థితిలో ఉన్న ఆర్డర్లను రిపోర్టులోంచి తీసేయాలో అక్కడ టిక్కులు పెట్టి ఉంటాయి. మనం ముట్టుకోకపోతే ఉండేవి మూడు: Pending payment, Failed, Cancelled. ఈ మూడు తప్ప మిగతావన్నీ అమ్మకంలో కలుస్తాయి. అన్నీ అంటే అన్నీ. On hold కూడా. ప్లగిన్ తెచ్చిపెట్టిన 'కొంత కట్టారు' అనే స్థితి కూడా. అది డబ్బు ఎంత వచ్చిందని చూడదు, ఆర్డరు మొత్తం ఎంతని చూస్తుంది. దాంతో జులై నెట్ సేల్స్ 4,80,000 అని చూపిస్తుంది, అంటే జీఎస్టీ తీసేసి నలభై చీరలకు పన్నెండు వేల చొప్పున. బ్యాంకులో చూస్తే 1,68,000, అందులో గేట్‌వే చార్జీలు పోను. రెండూ పక్కపక్కన పెట్టుకుని 'మిగతా డబ్బు ఏమైంది' అని గేట్‌వే వాళ్లకు ఫోన్ చేసేవాళ్లున్నారు. డబ్బు ఎక్కడికీ పోలేదు, అసలు రాలేదు.

రెండో రకంలో అంకె తగ్గుతుంది, కానీ లెక్కలు రెట్టింపవుతాయి. జులైలో 4,200 చొప్పున నలభై ఆర్డర్లు. ఆగస్టులో ముప్పై నాలుగు మంది బాకీ కట్టారనుకోండి, 8,400 చొప్పున ఇంకో ముప్పై నాలుగు. రిపోర్టులో డెబ్బై నాలుగు ఆర్డర్లు. మనుషులు నలభై మందే, చీరలు నలభయ్యే. సగటు ఆర్డరు విలువ జులైలో నాలుగు వేల దగ్గరే చూపిస్తే, అయ్యో మన దగ్గర చవక సరుకే పోతోందని ప్రకటనల ఖర్చు మార్చేస్తారు. 12,600 చీర అది! ఇక ప్లగిన్ లేకుండా బాకీ కోసం చేత్తో రెండో ఆర్డరు వేసేవాళ్లు ఇంకో ముప్పు తెచ్చుకుంటారు. అందులో మళ్లీ అదే చీరను చేరుస్తారు, ఆ ఆర్డరు Processing కాగానే స్టాకు ఇంకోసారి తగ్గుతుంది. రెండో ఆర్డరులో చీర పెట్టకండి. Add fee నొక్కి 'ఫలానా నంబరు ఆర్డరు బాకీ' అని రాసి మొత్తం వేయండి.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం శ్రద్ధగా వినండి, దీనివల్ల ఆర్డర్లే మాయమవుతాయి. బాకీ కట్టించుకోవాలంటే కస్టమరుకు లింకు పంపాలి కదా. పే లింకు రావాలంటే ఆర్డరు మామూలుగా Pending payment లో ఉండాలి. సరేనని బయానా కట్టిన అసలు ఆర్డరునే Pending payment కి వెనక్కి మారుస్తారు. అలా మార్చగానే స్టాకు వెనక్కి వెళ్తుంది. గంట గడుస్తుంది. ఆర్డరు Cancelled అయిపోతుంది, ఎవరో ఇంకొకరు అదే చీర కొనేస్తారు. ఎవరు రద్దు చేశారు? ఎవరూ చేయలేదు. Settings లో Products, అందులో Inventory చూడండి, Hold stock (minutes) అని ఉంటుంది, మొదట్లో అందులో 60 ఉంటుంది. చెక్అవుట్‌లో పుట్టిన ఆర్డరు ఏదైనా అంతసేపు డబ్బు కట్టకుండా Pending లో ఉంటే అది రద్దు చేసేస్తుంది. ఆర్డరు నోట్స్‌లో చూస్తే Unpaid order cancelled - time limit reached అని ఉంటుంది. ఆ వాక్యం కనపడిందంటే కారణం ఇదే, ఇంకెక్కడా వెతకక్కర్లేదు. మీరు అడ్మిన్‌లో చేత్తో వేసిన ఆర్డరుకు ఈ గంట గడువు వర్తించదు. అందుకే బాకీకి వేరే ఆర్డరు వేయడమో, గేట్‌వే నుంచి నేరుగా లింకు పంపడమో మంచిది. రేజర్‌పే పేమెంట్ లింకుల్లో కొంత కొంతగా కట్టించుకునే వీలు కూడా ఉంది, మొదటి విడత కనీసం ఎంతో మనమే పెట్టొచ్చు.

తేదీ సంగతి కూడా చూడాలి. అదే Analytics సెట్టింగుల్లో Date type అని ఉంటుంది, మూడు ఎంపికలు: Date created, Date paid, Date completed. Date paid పెడితే డబ్బు వచ్చిన తేదీకి లెక్క పడుతుంది కదా, మనకు అదే కావాలి కదా అనుకుంటారు. కాదు. ఆర్డరు మొదటిసారి Processing అయినప్పుడు ఒకే ఒక్క తేదీ పడుతుంది, తర్వాత బాకీ వచ్చినా అది మారదు. అంటే బయానా రోజుకే పూర్తి 12,600 పడిపోతుంది. ముందస్తు ఆర్డర్లు ఎక్కువగా తీసుకునేవాళ్లు Date completed పెట్టుకుని, చీర కొరియర్‌కు ఇచ్చిన రోజునే Completed నొక్కండి. అప్పుడు Revenue, Orders రిపోర్టులు రెండూ జులైలో సున్నా, ఆగస్టులో అసలు అమ్మకం చూపిస్తాయి. ఒక షరతు ఉంది: మీ ప్లగిన్ మొదటి రకం అయ్యుండాలి, పంపకుండా ఎవరూ Completed నొక్కకూడదు. ప్యాకింగ్ చేసే పిల్లాడికి కూడా చెప్పండి.

అవునమ్మా, అడగండి. మంచి ప్రశ్న. 'జులై రిపోర్టు ఆగస్టులో మళ్లీ తెరిస్తే అంకె మారింది, ఎందుకు?' అంటున్నారు.

రద్దయిన ఆర్డర్లవల్ల. మన లెక్కలో ఇద్దరు ఆగస్టులో వద్దన్నారనుకోండి. ఆ రెండు ఆర్డర్లనూ Cancelled చేశారు. Cancelled రిపోర్టులో ఉండదు. Date created లెక్కన అవి జులై ఆర్డర్లు, కాబట్టి తగ్గేది జులైలోనే. 4,80,000 కాస్తా 4,56,000 అవుతుంది. మీరు జులై 31న చూసి నోటు పుస్తకంలో రాసుకున్నది ఒకటి, ఇప్పుడు కంప్యూటరు చూపేది ఇంకొకటి. వాపసు ఎంట్రీ అయితే అలా కాదు, అది ఆగస్టులో ఇచ్చిన వాపసుగా ఆగస్టులోనే తగ్గుతుంది. ఇక్కడ ఇంకో పొరపాటు చేస్తారు. బయానా 4,200 తిరిగిచ్చి, రీఫండ్ గడిలో ఆర్డరు మొత్తం 12,600 కొట్టి చేతి వాపసు నొక్కుతారు. రాని డబ్బును కూడా ఇచ్చేసినట్టు రాసుకున్నారన్నమాట! తిరిగిచ్చిన 4,200 మాత్రమే రీఫండ్‌గా వేయండి, ఆ తర్వాత Cancelled చేయండి. గేట్‌వే ద్వారా ఇస్తే ఆ లావాదేవీలో వచ్చినదానికి మించి ఇవ్వనివ్వదు, అది కొంత నయం. నెల మారిన రోజునే పాత నెల రిపోర్టును సీఎస్‌వీగా దింపి దాచుకోండి, ముందు ఎంత చూపిందో మీ చేతిలో ఉంటుంది.

ఇక బాకీల చిట్టా. షాపు సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా, బాకీలకు మన షీటు ఒకటి ఉండాలని నా అభిప్రాయం. సగం మంది బాకీ ఫోన్‌పేలో వేస్తారు, కొందరు వచ్చి నగదిస్తారు. అవి షాపుకు తెలియవు.

షీటులో అందరూ చేసే పని ఏమిటంటే, ఆర్డరు పక్కన 'కట్టింది' అని ఒక గడి, 'బాకీ' అని ఒక గడి పెట్టి చేత్తో మారుస్తుంటారు. 4,200 చెరిపి 8,000 రాస్తారు. మధ్యలో 3,800 ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది? పోయింది, చెరిపేశాం కదా. అలా చేయకండి. రెండు షీట్లు పెట్టండి. Orders లో ఆర్డరుకు ఒక వరుస: నంబరు, పేరు, మొత్తం. Receipts లో వచ్చిన ప్రతి డబ్బుకూ ఒక వరుస: ఆర్డరు నంబరు, తేదీ, మొత్తం, యూపీఐ అయితే దాని యూటీఆర్ నంబరు. తిరిగిచ్చింది మైనస్ గుర్తుతో. గేట్‌వే చార్జీ కోసుకుని మిగిలింది కాదు, కస్టమరు కట్టిన పూర్తి మొత్తం రాయండి, లేదంటే అందరికీ వంద రూపాయల బాకీ మిగిలిపోతుంది. Orders లో బాకీ గడి మనం రాయం, అది లెక్కేస్తుంది:

```
=C2-SUMIFS(Receipts!C:C,Receipts!A:A,A2)
```

C2 లో ఆర్డరు మొత్తం, A2 లో ఆర్డరు నంబరు. ఆర్డరు నంబరు రెండు షీట్లలోనూ ఒకేలా ఉండాలి సుమా. ఒకచోట 1043 అని, ఇంకోచోట #1043 అని రాస్తే బాకీ తగ్గదు, కట్టినవాళ్లకే మళ్లీ ఫోన్ చేస్తారు. ఎవరిదైనా ఆర్డరు రద్దయితే Orders లో మొత్తాన్ని సున్నా చేయండి. బయానా తిరిగిచ్చేదాకా వాళ్ల బాకీ గడిలో మైనస్ 4,200 కనపడుతుంది, అంటే మనమే వాళ్లకు ఇవ్వాలి.

ఇంకో గడి తప్పకుండా పెట్టండి, బాకీ గడువు తేదీ. ఆర్డరు తేదీ నుంచి రోజులు లెక్కపెట్టడం అన్యాయం. జులై 5న ఆర్డరు పెట్టినావిడ ఆగస్టు మొదటి వారానికి కూడా డిఫాల్టరు కాదు, చీర నేసి మనం ఫోటో పంపలేదు. చీర సిద్ధమని చెప్పిన రోజు నుంచి వారం, అదీ గడువు. ఆ గడి ఖాళీగా ఉంటే బాకీ ఉంది కానీ ఇంకా అడగకూడదు. తేదీ దాటితే ఫోన్ చేయాలి. మన లెక్కలో నలుగురు మిగిలారు, 33,600 రావాలి. వాళ్ల గడువు వరలక్ష్మీ వ్రతానికి ముందే ఉండాలి. శ్రావణ శుక్రవారాలు దాటాక ఆ చీర కొనే ఉత్సాహం సగం పోతుంది, పండగ చీరల బాకీలు పండగ దాటితే రద్దులవుతాయి. అందుకే ఆర్డరు తీసుకున్నప్పుడే, ఫలానా తేదీలోగా కట్టకపోతే చీర వేరేవాళ్లకు ఇస్తామని రాతపూర్వకంగా చెప్పండి.

బాకీని కొరియర్ వాడు ఇంటి దగ్గర వసూలు చేసే పద్ధతి పెట్టుకున్నవాళ్లు ఉన్నారా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీకు మాత్రం నిజమైన బాకీ ఉంటుంది. చీర వెళ్లిపోయింది, అమ్మకం అయిపోయింది, 8,400 ఇంకా రాలేదు. ఇది ఆస్తే, రావాల్సిన బాకీల్లో వేయాలి. ఇవ్వాల్సింది కస్టమరా? డెలివరీ అయ్యేదాకా కస్టమరు, అయ్యాక కొరియర్ కంపెనీ. వాళ్లు చాలా ఆర్డర్లది కలిపి, చార్జీలు కోసుకుని ఒకే మొత్తంగా పంపుతారు. ఆ మొత్తాన్ని ఏ ఆర్డరుకు ఎంతో వాళ్ల స్టేట్‌మెంటు చూసి విడగొట్టకపోతే షీటులో ఎవరి బాకీ తీరిందో తెలియదు.

నెలాఖరు పరీక్ష ఒకటి చెబుతాను, ఇది చేస్తే దొంగ లెక్క దొరికిపోతుంది. ఆగస్టులో ఏం జరిగింది? ముప్పై నాలుగు చీరలు పంపాం. అమ్మకం 4,08,000, జీఎస్టీ 20,400. వాళ్ల బయానా 1,42,800 అడ్వాన్సుల ఖాతాలోంచి అమ్మకంలోకి మారింది. ఇద్దరికి 8,400 తిరిగిచ్చాం. జులై చివర్న అడ్వాన్సుల్లో 1,68,000 ఉంది కదా, ఈ రెండూ తీసేయండి. ఎంత మిగిలింది? 16,800. ఇప్పుడు పంపని చీరలు ఎన్నో లెక్కపెట్టండి: నాలుగు. నాలుగు 4,200లు 16,800. కుదిరింది. కుదరకపోతే ఎవరిదో బయానా అమ్మకంలో కలిసిపోయింది, లేదా పంపిన చీరకు బయానా మార్చలేదు. టాలీలో చేసేవాళ్లు బయానా రసీదులో Advance అన్న రెఫరెన్సు పెట్టి, అమ్మకం బిల్లులో Agst Ref తో దాన్ని తగిలించండి. On Account లో వేసి వదిలేస్తే ఏ బయానా ఏ బిల్లుదో ఆడిటర్‌కు కూడా తెలియదు.

జీఎస్టీ. వస్తువుల మీద తీసుకున్న అడ్వాన్సుకు పన్ను అప్పుడే కట్టక్కర్లేదు. 2017 నవంబర్ 15 నాటి 66/2017 నోటిఫికేషన్ అది, కాంపోజిషన్ పథకంలో లేనివాళ్లకు. చీర పంపేటప్పుడు పూర్తి 12,600కు ఇన్‌వాయిస్ ఇవ్వాలి, పన్ను ఆ నెలలో. కాబట్టి షాపు రిపోర్టు చూసి జులైకి 24,000 పన్ను కట్టేస్తే అది మన డబ్బు ముందే కట్టడం. బయానా తీసుకున్నప్పుడు ఇచ్చేది ఇన్‌వాయిస్ కాదు, రసీదు వోచర్. కానీ జాగ్రత్త, సేవలకు ఈ మినహాయింపు లేదు. మీరు బ్లౌజు కుట్టుకూలికి, డిజైన్ పనికి విడిగా అడ్వాన్సు తీసుకుంటే అది తీసుకున్న నెలలోనే పన్ను, జీఎస్‌టీఆర్ 1లో 11ఎ పట్టికలో చూపాలి. తర్వాత బిల్లు ఇచ్చినప్పుడు 11బి పట్టికలో సర్దుకోవాలి. చీర, కుట్టు కలిపి ఒకే బయానా తీసుకునేవాళ్లు ఏది దేనికో రసీదులోనే విడగొట్టండి.

ఆఖరి ప్రశ్నండీ, సమయం అయిపోయింది. 'వద్దన్నవాళ్ల బయానా ఉంచేసుకుంటే?' ఆర్డరు తీసుకున్నప్పుడే ఆ షరతు వాళ్లకు కనపడేలా ఉంటేనే ఉంచుకోండి. లెక్కలో మాత్రం చీర అమ్మకంలో కలపకండి. చీర మన దగ్గరే ఉంది, దాన్ని మళ్లీ అమ్ముతాం. రద్దు ఆదాయం అని వేరే ఖాతా తెరిచి అందులో వేయండి, దాని మీద పన్ను సంగతి ఏడాది చివరిదాకా ఆగకుండా ఆ నెలలోనే మీ ఆడిటర్‌ని అడగండి.